నడిమి పిల్లరు మీద ఎంత మూమెంట్? మూడు ఆధారాల బీము లెక్క

ఒంగోలు చుట్టుపక్కల కడుతున్న ఇళ్లలో తరచుగా కనిపించే కొలత ఒకటుంది. వీధి వైపు గది నాలుగు మీటర్లు, దాని వెనక హాలు ఆరు మీటర్లు. రెండింటి మీదుగా ఒకే బీము, దాని కింద మూడు పిల్లర్లు. స్లాబు పోయడానికి ముందు రోజు సెంట్రింగ్ చెక్కల మీద కడ్డీలు కట్టేటప్పుడు నడిమి పిల్లరు దగ్గర పైవైపు వేసే అదనపు కడ్డీ ఎంత పొడవుండాలన్న ప్రశ్న వస్తుంది. దానికి మేస్త్రీల దగ్గర సిద్ధంగా ఉండే జవాబు, ఏ వైపు స్పాన్‌కు ఆ వైపు పావు వంతు. అంటే పిల్లరు నుంచి చిన్న గది వైపు ఒక మీటరు, హాలు వైపు మీటరున్నర. రెండు స్పాన్లూ సమానమైనప్పుడు ఈ అలవాటుతో ఇబ్బంది లేదు. ఇక్కడ మాత్రం అది హాలు వైపు సరిపోయి, చిన్న గది వైపు తప్పిపోతుంది. చిన్న స్పాన్‌లోకే కడ్డీ ఎక్కువ దూరం పోవాలి. వినడానికి తలకిందులుగా ఉన్న ఈ సంగతిని, బీమును వంచే ప్రభావాన్ని అంటే మూమెంట్‌ను లెక్కకట్టే మూడు మూమెంట్ల సమీకరణం నాలుగైదు పంక్తుల్లో తేల్చి చెబుతుంది.

పిల్లర్లకు ఎ, బి, సి అని పేర్లు పెట్టుకుందాం. ఎ నుంచి బి 4 మీటర్లు, బి నుంచి సి 6 మీటర్లు. స్లాబు, గోడ, బీము సొంత బరువు, మనుషుల, సామాన్ల బరువు అన్నీ కలిపి బీము మీద మీటరుకు 20 కిలోన్యూటన్లు పడుతున్నాయనుకుందాం. వాడుక మాటలో మీటరుకు దాదాపు రెండు టన్నులు. బీము వెడల్పు 230, లోతు 450 మిల్లీమీటర్లు, కాంక్రీటు ఎం25.

బీము రెండు ఆధారాల మీదే ఉంటే బరువుల సమతౌల్యంతోనే లెక్క పూర్తవుతుంది. మూడో ఆధారం రాగానే ఒక సమీకరణం తక్కువ పడుతుంది. మూడు పిల్లర్లు మోసే బరువులు తెలియవు, చేతిలో ఉన్న సమతౌల్య సమీకరణాలు రెండే. మూడోదాన్ని బీము వంగే తీరు నుంచి రాబట్టాలి.

అందుకు బి దగ్గర బీమును రంపంతో అడ్డంగా కోసేశామని ఊహించుకోవాలి. ఇప్పుడది రెండు విడి బీములు. బరువు పడగానే రెండూ తమ తమ స్పాన్లలో కిందికి వంగుతాయి, పిల్లరు మీద కూర్చున్న కొసలు చెరో వైపు తిరుగుతాయి. అడుగు అంచులు ఒకదానికొకటి ఆనుకునే ఉంటాయి, పైఅంచులు విడిపోతాయి. నోరు పైకి తెరుచుకున్న సందు ఏర్పడుతుంది. సమంగా పరచుకున్న బరువు కింద విడి బీము కొస తిరిగే కోణం `w*L^3/(24*E*I)`. w మీటరుకు పడే బరువు, L స్పాన్, EI బీము వంగకుండా నిలిచే బిగువు. EI రెండు వైపులా ఒకటే కాబట్టి దాన్ని పక్కన పెడితే చిన్న స్పాన్ వాటా 53.3, పెద్ద స్పాన్ వాటా 180, మొత్తం 233.3.

ఈ సందు కాగితం మీదే ఉండిపోయేది కాదు. ఎం25 కాంక్రీటుకు, కాంక్రీటు కట్టడాల భారతీయ ప్రమాణం ఐఎస్ 456 ఇచ్చే స్థితిస్థాపక గుణకం E 25,000 మెగాపాస్కల్స్. బీము ఎక్కడా పగలలేదనుకుని ఈ కొలతలతో EI కడితే సుమారు 43,660 కిలోన్యూటన్ మీటర్ వర్గాలు వస్తుంది. 233.3ని దానితో భాగిస్తే కోణం 0.00534 రేడియన్లు. బీము లోతు 450తో హెచ్చిస్తే పైన తెరుచుకునే నోరు 2.4 మిల్లీమీటర్లు. నడిమి పిల్లరు మీద పైకడ్డీ మరిచిపోయిన బీముకు పడాల్సిన పగులు ఇంచుమించు ఇంతే. కాలక్రమాన కాంక్రీటు సాగే గుణం, స్పాన్ మధ్యలో పడే సన్న పగుళ్లు కలిస్తే ఇంకా పెరుగుతుంది. పైన గ్రానైట్ పలకలు పరిచి ఉంటే ఆ పగులు ఏళ్ల తరబడి కంటికి కనబడదు. డాబా మీదైతే మొదటి వానకే కింద చెమ్మ మరకగా బయటపడుతుంది.

ఇప్పుడు ఆ సందును మూయాలి. కోసిన రెండు ముఖాల మీదా సమానమైన మూమెంట్ M ప్రయోగించి పైఅంచులను దగ్గరికి లాగాలి. ఒక కొసన మూమెంట్ M పెడితే ఆ కొస తిరిగే కోణం `M*L/(3*E*I)`. రెండు స్పాన్లకూ కలిపి `M*(4+6)/3`, అంటే 3.333 రెట్ల M. ఇది 233.3కు సమానమైన క్షణాన సందు మూసుకుంటుంది, బీము మళ్లీ ఒక్కటవుతుంది. M విలువ 70 కిలోన్యూటన్ మీటర్లు.

మూడు మూమెంట్ల సమీకరణంలో ఉన్నది ఇంతే. పుస్తకాల్లో కనిపించే రూపం ఇది:

```
MA*L1 + 2*MB*(L1+L2) + MC*L2 = -w1*L1^3/4 - w2*L2^3/4
```

పక్కపక్కన ఉన్న మూడు ఆధారాల దగ్గరి మూమెంట్లను కలుపుతుంది కాబట్టి ఆ పేరు. ఫ్రెంచ్ ఇంజనీరు క్లాపెరాన్ 1857లో దీన్ని ప్రచురించాడు, అంతకు రెండేళ్ల ముందే బెర్టో అనే ఇంజనీరు ఇదే రూపాన్ని అచ్చులోకి తెచ్చాడు. అంతకుముందు పిల్లర్లు మోసే బరువులనే తెలియని రాశులుగా తీసుకుని లెక్క కట్టేవారు, స్పాన్లు పెరిగేకొద్దీ అది చిక్కుముడిగా మారేది. ఆధారాల దగ్గరి మూమెంట్లను తెలియని రాశులుగా తీసుకోవడంతో ప్రతి సమీకరణంలో మూడుకు మించి తెలియనివి ఉండవు. మన బీముకు రెండు కొసలూ పిల్లర్ల మీద ఊరికే ఆనుకున్నాయనుకుంటే MA, MC రెండూ సున్నా. మిగిలేది ఒక్కటే:

```
20*MB = -20*64/4 - 20*216/4 = -1400
MB = -70 kN.m
```

రుణ గుర్తుకు అర్థం బీము అక్కడ పైకి ఉబ్బుతుందని, అంటే లాగుడు పైవైపు ఉందని. రెండు స్పాన్ల మీదా బరువు ఒకటే అయినప్పుడు ఇదే లెక్క `w*(L1^2 - L1*L2 + L2^2)/8`గా కుదించుకుంటుంది. రెండు స్పాన్ల సగటు ఐదు మీటర్లని తీసుకుని `w*L^2/8` కట్టేవారు ఉన్నారు. వారికి వచ్చేది 62.5. స్పాన్ల తేడా పెరిగేకొద్దీ ఈ లోటు కూడా పెరుగుతుంది.

MB తెలిశాక మిగతాదంతా సమతౌల్యమే. ఎ పిల్లరు మోసేది 40లోంచి 70/4 తీసేస్తే 22.5 కిలోన్యూటన్లు. సి మోసేది 60లోంచి 70/6 తీసేస్తే 48.3. ఆ తీసేసిన రెండూ బి మీదికి చేరతాయి కాబట్టి బి మోసేది 129.2. మూడూ కలిపితే 200, బీము మీది మొత్తం బరువు.

ఈ కూడిక సరిపోగానే లెక్క సరైనదని నమ్మేయడం చాలామంది చేసే పొరపాటు. MBని 70కి బదులు 50 అని వేసినా, 100 అని వేసినా మూడు బరువుల మొత్తం 200కే వస్తుంది, ఎందుకంటే ఒక వైపు తీసింది మరో వైపు కలుపుతున్నాం. ఆ సరిచూపు MB తప్పును పట్టదు. పట్టేది వాలు ఒక్కటే. బి దగ్గర ఎడమ కొస కోణం 53.3 నుంచి 70×4/3 అంటే 93.3 తీసేస్తే -40. కుడి కొసది 180 నుంచి 70×6/3 అంటే 140 తీసేస్తే +40. రెండూ పరిమాణంలో సమానం, గుర్తులు వేరు. అంటే పిల్లరు మీద బీము విరగకుండా ఒకే గీతగా సాగుతోంది. ఈ రెండు సంఖ్యలూ కలవకపోతే MB తప్పు.

ఆ -40 ఇంకొక మాట కూడా చెబుతోంది. బి మీద బీము హాలు వైపు వాలి ఉంది. హాలు వైపు కిందికి దిగితే, గది వైపు పిల్లరు పక్కనున్న ముక్క పైకి లేస్తుంది. బరువు మోస్తూ కూడా చిన్న స్పాన్ బి దగ్గర ఆధారాల మట్టం కంటే పైకి ఉబ్బి ఉంటుంది. పెద్ద స్పాన్ చిన్నదాన్ని తన వైపు లాగుతోందన్నమాట.

ఇక కడ్డీ పొడవు. ఉబ్బు పోయి కుంగు మొదలయ్యే చోట మూమెంట్ సున్నా అవుతుంది. చిన్న స్పాన్‌లో అది ఎ నుంచి 2.25 మీటర్ల దగ్గర, అంటే బి నుంచి 1.75 మీటర్లు. హాలు వైపు బి నుంచి 1.17 మీటర్లు మాత్రమే. నాలుగు మీటర్ల స్పాన్‌లో పైలాగుడు 1.75 మీటర్ల దూరం సాగుతుంటే మేస్త్రి కడ్డీ ఒక మీటరు దగ్గర ఆగిపోయింది. ఆరు మీటర్ల వైపు 1.17 చాలినచోట మీటరున్నర వేశాడు. అతని శ్రద్ధలో లోపం లేదు. సమాన స్పాన్ల కోసం పుట్టిన కొలతను అసమాన స్పాన్లకు వాడటమే లోపం.

ఇంకా గట్టి పరీక్ష మరొకటి ఉంది. 20లో 12 ఎప్పుడూ ఉండే బరువు, 8 వచ్చిపోయే బరువు అనుకుందాం. హాల్లో పెళ్లి చూపులకో పండగకో జనం నిండి, ముందు గది ఖాళీగా ఉన్న రోజు సంగతి చూడాలి.

```
20*MB = -12*64/4 - 20*216/4 = -1272
MB = -63.6 kN.m
```

బి దగ్గర మూమెంట్ తగ్గింది కాబట్టి ఇబ్బంది లేదనిపిస్తుంది. కానీ ఎ పిల్లరు మోసేది ఇప్పుడు 24 నుంచి 15.9 తీసేస్తే 8.1 మాత్రమే. మూమెంట్ సున్నా అయ్యే చోటు ఎ నుంచి 1.35 మీటర్లకు జరుగుతుంది. బి నుంచి కొలిస్తే 2.65 మీటర్లు, అంటే చిన్న స్పాన్‌లో మూడింట రెండు వంతులు పైకి ఉబ్బుతోంది. కడ్డీ ఆగిపోయిన ఒక మీటరు దగ్గర పైలాగుడు మూమెంట్ ఇంకా 29.7 ఉంది. భద్రత కోసం దాన్ని 1.5తో హెచ్చిస్తే 44.6. అక్కడి నుంచి ముందుకు మిగిలేవి రింగులు కట్టుకోవడానికి వేసిన రెండు 12 మిల్లీమీటర్ల కడ్డీలే అయితే అవి మోయగలిగేది సుమారు 38. అందువల్ల ఈ బీములో చిన్న స్పాన్ పొడవునా పైన రెండు 16 కడ్డీలు తెగకుండా వేసి, బి మీద మరో రెండు 16 కడ్డీలు అదనంగా ఇవ్వడం తెలివైన పని. బి మీద 70కి 1.5 రెట్లు, అంటే 105 కిలోన్యూటన్ మీటర్లకు ఆ నాలుగు సరిపోతాయి. ఎంత చేసినా మూమెంట్ సున్నా అయ్యే గీత దగ్గరే కడ్డీ కొస ఆపకూడదు. పైకడ్డీల్లో కనీసం మూడో వంతు ఆ గీతను దాటి బీము లోతంత దూరమో, కడ్డీ మందానికి 12 రెట్లో, స్పాన్‌లో పదహారో వంతో, వీటిలో ఏది ఎక్కువైతే అంత ముందుకు పోవాలని ఐఎస్ 456 చెబుతుంది.

పైకడ్డీ సరిగా లేకపోతే కష్టం పిల్లరు దగ్గరే ఆగదు. బి మీద బీము పగిలి మూమెంట్ మోయడం మానేస్తే హాలు స్పాన్ విడి బీమైపోతుంది. కలిసి ఉన్నప్పుడు దాని గరిష్ఠ కుంగు మూమెంట్ 58.4, విడిపోతే 90. 58.4కు 1.5 రెట్లు చొప్పున అడుగు కడ్డీలు వేసి ఉంటే వాటి బలం 87.6కు లెక్కించినది. రోజువారీ బరువే దాన్ని దాటేస్తోంది. బీము వెంటనే కూలకపోవచ్చు, కడ్డీ బలంలో విడిగా ఉంచిన కొంత మిగులు కాపాడుతుంది. అయితే హాల్లో నడిచేవారి నెత్తిన ఉన్న భద్రత మాత్రం ఖర్చయిపోయింది.

ఇప్పటివరకు మూడు పిల్లర్లూ కదలవని అనుకున్నాం. ఒంగోలు, ప్రకాశం జిల్లా నల్లరేగడిలో అలా అనుకోవడం సాహసం. వానకు ఉబ్బి, ఎండకు కుంచించుకుపోయే నేల అది. ఇంటి నడుమ ఉన్న మట్టి కప్పు కింద తేమ మారకుండా ఉంటుంది, చుట్టూ అంచున ఉన్న మట్టి తడిసి ఆరుతుంది. లోతు తక్కువ పునాదులైతే అక్టోబరు, నవంబరు వానలకు ఎ, సి పిల్లర్లు కొద్దిగా లేస్తాయి, మే నెలలో కొద్దిగా దిగుతాయి. నడిమి పిల్లరుకు ఇంకో కారణం కూడా తోడవుతుంది. చెరి సగం పంచుకుంటాయని లెక్కేసి బి పునాదిని 100 కిలోన్యూటన్లకు కట్టి ఉంటారు, నిజానికి దాని మీద పడేది 129. మూడో వంతుకు కొంచెం తక్కువగా అదనం.

ఆధారాలు వేర్వేరు మట్టాల్లోకి జరిగినప్పటి పదాన్ని 1860లో జర్మన్ ఇంజనీరు మోర్ ఈ సమీకరణానికి చేర్చాడు. ఎ, సి కంటే బి ఎంత దిగిందో దాన్ని d అనుకుంటే కుడివైపు ఇది కలుస్తుంది:

```
+ 6*E*I*(d/L1 + d/L2)
```

బి పది మిల్లీమీటర్లు దిగిందనుకుందాం. పగలని EIతో కడితే ఈ పదం 1092, దాన్ని 20తో భాగిస్తే 54.6. MB విలువ -70 నుంచి -15.4కు పడిపోతుంది. ఇది అతి. నేల నెమ్మదిగా దిగుతుంది, ఆ లోపు కాంక్రీటు సాగుతుంది, సన్న పగుళ్లతో బీము బిగువు తగ్గుతుంది. EIని సగం చేసి చూడటం న్యాయం. అప్పుడు మార్పు 27.3, MB -42.7. హాలు స్పాన్ కుంగు మూమెంట్ 58.4 నుంచి 69.9కు పెరుగుతుంది. అదే ఎండాకాలంలో ఎ, సి రెండూ పది మిల్లీమీటర్లు దిగితే గుర్తు మారుతుంది, MB -97.3కు చేరుతుంది. బి మీది నాలుగు 16 కడ్డీలు మోయగలిగేది 118 దగ్గర. ఇంకా తెగలేదు గాని 1.5 రెట్ల అంతరం పోయింది.

ఇక్కడ ఒక చిత్రమైన పర్యవసానం ఉంది. నేల కదిలే చోట బీమును మరింత లోతుగా, మరింత బిగువుగా కడితే సుఖమనుకుంటాం. మోర్ పదంలో EI హెచ్చించి ఉంది. లోతు పెంచితే EI దాని ఘనంతో పెరుగుతుంది, పిల్లరు దిగినప్పుడు పుట్టే మూమెంట్ కూడా అంతే పెరుగుతుంది. కాబట్టి నల్లరేగడిలో ఖర్చు పెట్టాల్సింది బీము లోతు మీద కాదు, పునాది మీద. తేమ మారని లోతుకు దింపే, అడుగున ఉబ్బెత్తుగా ఉండే అండర్‌రీమ్డ్ పైల్స్ అందుకే ఆ నేలల్లో వాడతారు.

ఈ లెక్కకు హద్దులున్నాయి. పిల్లరు బీముతో కలిపి పోసినది, అది బీము తిరగడాన్ని కొంత ఆపుతుంది. అందువల్ల ఎ, సి దగ్గర మూమెంట్ పూర్తిగా సున్నా కాదు, అక్కడ కూడా పైన కొంత ఇనుము కావాలి. బి దగ్గర కూడా ఎడమ మూమెంట్, కుడి మూమెంట్ ఒకటి కావు, తేడాను పిల్లరు తీసుకుంటుంది. అయినా సన్నటి పిల్లర్లున్న ఇంటికి మూడు మూమెంట్ల జవాబు నిజానికి బాగా దగ్గరగా ఉంటుంది, కంప్యూటర్‌లో వచ్చిన ఫలితాన్ని చేత్తో సరిచూసుకోవడానికి సరిపోతుంది.

ఇల్లు పూర్తయ్యాక ఏది జరిగిందో పగులు చూసి కొంతవరకు తెలుసుకోవచ్చు. డాబా మీద నడిమి పిల్లరుకు సూటిగా బీముకు అడ్డంగా పోయే గీత ఉంటే, ఎండాకాలంలో అది వెడల్పయితే, పైకడ్డీ లోపమో అంచు పిల్లర్లు దిగడమో కారణం. ఆ గీత పిల్లరు మీద కాకుండా చిన్న గది వైపు మీటరు దూరంలో ఉంటే కడ్డీ తెగిన చోటు అదే. హాల్లో బీము అడుగున పగులు వస్తే అది సి పిల్లరు నుంచి ఎంత దూరంలో ఉందో టేపుతో కొలవాలి. బీము బి మీద కలిసి పనిచేస్తున్నంత కాలం గరిష్ఠ కుంగు సి నుంచి 2.4 మీటర్ల దగ్గర ఉంటుంది. బి మీది మూమెంట్ తగ్గేకొద్దీ ఆ చోటు స్పాన్ మధ్యకు జరుగుతుంది. బి పది మిల్లీమీటర్లు దిగిన లెక్కలో అది 2.64. బీము పూర్తిగా విడిపోతే సరిగ్గా 3 మీటర్లు. పగుళ్లు ఒక్క చోటే పడవు, కొంత మేర పరచుకుంటాయి కాబట్టి పది సెంటీమీటర్ల తేడా మీద తీర్పు చెప్పకూడదు. కానీ వెడల్పైన పగుళ్ల గుంపు మూడు మీటర్ల చుట్టూ చేరి ఉంటే, బి మీద ఒకటి రెండు గ్రానైట్ పలకలు లేపి బీము పైముఖం చూడాల్సిందే.